టైపా, ఐవీయా? పోకెమాన్ పోరులో ఏది మేలు

పోకెమాన్ వీడియో గేమ్‌లో ఎదుటి పోకెమాన్ టైపు, అంటే అది నీటిదా, నేలదా, కరెంటుదా అన్నది చూసి దానికి విరుగుడు దింపితే చాలు, మిగతాదంతా దండగ. ఇది కావలిలో ఉండే మా మేనల్లుడి వాదన. పుట్టుకతో వచ్చే బలం అంకెలైన ఐవీలు ఆరూ 31 లేని పోకెమాన్‌ని అసలు బాక్సులోంచే తీయకూడదని వాడి ఒంగోలు ఫ్రెండు పట్టు. సెలవుల్లో ఇద్దరూ నెల్లూరొచ్చి మా ఇంట్లో నింటెండో స్విచ్ ముందు కూర్చున్నారంటే ఇదే గొడవ. "మామా, నువ్వు చెప్పు, ఏది మేలు?" అని చివరికి నా దగ్గరికే వస్తారు. నా ఓటు టైపుకే. కానీ ఒంగోలు అబ్బాయి మాటని కొట్టిపారేయడానికి కూడా లేదు. ఎందుకో లెక్కలోనే తెలుస్తుంది.

టైపు సంగతి ఆడేవాళ్లకి తెలిసిందే. మొత్తం 18 టైపులు. కొట్టే మూవ్ టైపుకి ఎదుటి పోకెమాన్ బలహీనమైతే దెబ్బ రెట్టింపవుతుంది. దానికి రెండు టైపులుండి, రెండూ బలహీనమైతే నాలుగు రెట్లు. తట్టుకునే టైపైతే సగం, కొన్ని జోడీల్లో అసలు సున్నా. ఐవీ అలా పైకి కనబడదు. పోకెమాన్ దొరికిన క్షణంలోనే హెచ్‌పీ అనే ప్రాణం, అటాక్, డిఫెన్స్, స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, వేగం అనే ఆరు స్టాట్‌లకీ 0 నుంచి 31 లోపు ఒక్కో అంకె పడిపోతుంది. ఆ అంకెని ఆట ఎక్కడా నేరుగా చూపించదు. స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో కథ పూర్తయ్యాక వచ్చే జడ్జ్ సదుపాయం కూడా మాటల్లోనే చెబుతుంది: 'బెస్ట్' అంటే 31, 'నో గుడ్' అంటే 0.

ఇప్పుడు ఐవీలకి బాగా అనుకూలంగా ఉండే పోటీ ఒకటి పెడదాం. ఒకవైపు ఆరింటికి ఆరూ 31 ఉన్న గ్యారడోస్. ఇంకోవైపు ఆరూ సున్నా అయిన రైచూ, అంటే ఒంగోలు అబ్బాయి చూడగానే వదిలేసే రకం. రెండూ లెవెల్ 50లో ఉన్నాయి, స్టాట్‌లు పెంచే ట్రైనింగ్ ఏమీ లేదు, నేచర్ అనే స్వభావం వల్ల ఏ స్టాటూ పెరగలేదు, తగ్గలేదు. లెవెల్ 50లో ఐవీలో సగమే స్టాట్‌లోకి వస్తుంది కాబట్టి 31కీ సున్నాకీ తేడా 15 పాయింట్లు. ఆ లెక్కన గ్యారడోస్ వేగం 101, హెచ్‌పీ 170. రైచూ వేగం 115. సున్నా ఐవీ అయినా రైచూ జాతి సహజంగానే వేగం గలది కాబట్టి మొదటి దెబ్బ దానిదే.

రైచూ థండర్‌బోల్ట్ కొట్టింది. గ్యారడోస్ నీరూ గాలీ కలిసిన పోకెమాన్, రెండూ కరెంటుకి బలహీనమే, కాబట్టి నాలుగు రెట్లు. తన టైపు మూవే వాడుతోంది కాబట్టి ఇంకో ఒకటిన్నర రెట్లు. ఆట ప్రతి దెబ్బనీ 85 నుంచి 100 శాతం లోపు 16 మెట్లలో ఏదో ఒకదానికి తగ్గిస్తుంది. అవన్నీ కలిపి చూస్తే దెబ్బ 168 నుంచి 196 దాకా వస్తుంది. గ్యారడోస్ ప్రాణం 170. పదహారులో పదమూడు మెట్లలో ఒక్క దెబ్బకే పడిపోతుంది. చెత్త రైచూ చేతిలో, మచ్చలేని గ్యారడోస్!

మా మేనల్లుడు ఇక్కడే లేచి గంతులేస్తాడు. కానీ మిగిలిన మూడు మెట్ల సంగతి కూడా చూడాలి. వాటిలో దెబ్బ 168 దగ్గరే ఆగుతుంది, గ్యారడోస్ రెండు హెచ్‌పీతో బతికి ఎర్త్‌క్వేక్ కొడుతుంది. నేల టైపు మూవ్ కరెంటు పోకెమాన్‌కి రెట్టింపు. మన రైచూకున్న హెచ్‌పీ 120, వచ్చే దెబ్బ 180 పైమాటే. ఆట అయిపోయింది. అదే రైచూకి స్పెషల్ అటాక్ ఐవీ 31 ఉంటే అతి తక్కువ దెబ్బే 192. ఇక పదహారు మెట్లలోనూ గెలుపే. పదమూడుని పదహారు చేయడం వరకే ఐవీ పని. గెలుపునసలు పదమూడు దాకా తెచ్చింది టైపు. నాలుగు రెట్లు తీసేసి, టైపు బలహీనత లేని అంతే గట్టి పోకెమాన్‌ని ఎదురుపెట్టి చూడండి: ఐవీ సున్నా రైచూకి నాలుగు దెబ్బలు కావాలి, 31 ఉన్నదానికీ దాదాపు ఎప్పుడూ నాలుగే.

టైపునీ గుడ్డిగా నమ్మలేం. స్కార్లెట్, వయొలెట్‌లో టెరా వచ్చాక పోరు మధ్యలో టైపే మారిపోతుంది. ఆ గ్యారడోస్ నేల టెరా వేసుకుందంటే థండర్‌బోల్ట్ దెబ్బ సున్నా. టైపు చార్టు బట్టీ కొట్టినవాడికి అప్పుడు వచ్చే టెన్షన్ చూడాలి.

ఒంగోలు అబ్బాయి మాట నిజంగా నెగ్గేది టైపులు రెండు పక్కలా సమానమైనప్పుడు. మన జిల్లాల్లో బండలాగుడు పోటీలకి గిత్తల్ని పళ్లు చూసి విభాగాలు చేస్తారు కదా, పెద్ద టోర్నమెంట్లలో అందరినీ లెవెల్ 50కి తెచ్చేదీ అలాగే. పెద్ద తేడాలు పోయాక చిన్నవే తేలుస్తాయి. గార్‌చాంప్‌కి గార్‌చాంప్ ఎదురైందనుకోండి. ఇద్దరి డ్రాగన్ మూవ్‌లూ ఎదుటివాడికి రెట్టింపే. ఎవరు ముందు కొడితే వారిదే పైచేయి. వేగానికి పూర్తి ట్రైనింగూ, వేగం పెంచే నేచరూ ఉండి ఐవీ 31 అయితే వేగం 169. ఐవీ 30 అయితే 168. ఆ ఒక్క పాయింటుతో ప్రతిసారీ రెండోవాడు వెనకే. ఇద్దరికీ 169 ఉంటే ఎవరు ముందన్నది ఆట బొమ్మా బొరుసూ వేసినట్టు తేలుస్తుంది. దెబ్బలో 15 పాయింట్ల తేడా కనబడకుండా పోవచ్చు గానీ వేగంలో ఒక్క పాయింటే చాలు.

అందుకే ఐవీల మీద కాలం పెట్టేవాళ్లకి నా సలహా ఇది. ఆరూ 31 అని గుడ్ల మీద గుడ్లు పొదిగించొద్దు. ముందు ట్రైనింగ్ పూర్తి చేయండి. లెవెల్ 50లో ఒక స్టాట్‌కి పూర్తి ట్రైనింగ్ 32 పాయింట్ల దాకా ఇస్తుంది, అంటే ఐవీ ఇచ్చేదానికి రెట్టింపు. పైగా అది మన చేతిలో పని. తర్వాత ఆటలోనే ఒక బాటిల్ క్యాప్ కొని, మాంటెనెవెరా ఊళ్లో హైపర్ ట్రైనింగ్ చేయించి వేగాన్ని 31తో సమానం చేసుకోండి. డెలిబర్డ్ కొట్లో క్యాప్ ధర 20,000. ఒక్క మెలిక: హైపర్ ట్రైనింగ్ పెంచుతుందే గానీ తగ్గించదు. ట్రిక్ రూమ్ అనే మూవ్ వేస్తే ఐదు టర్న్‌లు నెమ్మదైనవే ముందు కొడతాయి కదా, ఆ జట్టుకి వేగం ఐవీ సున్నా ఉన్న పోకెమానే బంగారం. దాన్ని ఏ క్యాపూ చేసిపెట్టదు, జడ్జ్ 'నో గుడ్' అన్నదాన్ని వెతికి పట్టుకోవాల్సిందే.

ఫోన్లో ఆడే పోకెమాన్ గోలో తూకం ఇంకా టైపు వైపే ఒరుగుతుంది. అక్కడ బలహీనత 1.6 రెట్లు. ఐవీ మాత్రం 0 నుంచి 15 దాకే. గ్యారడోస్ అటాక్ మూల అంకె 237, దానికి 15 కలిస్తే పెరిగేది ఆరు శాతం చిల్లర. అందరూ కలిసి ఒక పెద్ద పోకెమాన్‌ని కొట్టే రెయిడ్‌లకి సరైన టైపు తీసుకెళ్తే చాలు, ఐవీలన్నీ 15 ఉన్న హండో కోసం కూర్చోనక్కర్లేదు. పోకెమాన్ మొత్తం బలాన్ని చెప్పే సీపీకి 1500 పరిమితి ఉన్న గ్రేట్ లీగ్‌లో లెక్క తలకిందులవుతుంది. సీపీలో అటాక్‌కి బరువెక్కువ కాబట్టి అటాక్ ఐవీ తక్కువ ఉన్నదాన్ని అదే 1500 లోపల ఇంకొంచెం పై లెవెల్‌కి తీసుకెళ్లొచ్చు. చాలా పోకెమాన్‌లకి అక్కడ అటాక్ ఐవీ 0, మిగతా రెండూ 15, అంటే 0/15/15 లాంటిదే మేలు. ఐవీ స్టార్లు తక్కువున్నాయని ఒంగోలు అబ్బాయి ట్రాన్స్‌ఫర్ కొట్టి వదిలించుకున్న వాటిలో అలాంటివి ఎన్ని పోయాయో మరి.