వంశవృక్షం పోస్టర్: పాత ఫొటోలకు రంగులద్దాలా, అందరినీ నలుపు తెలుపుల్లోకి తేవాలా?

నాన్న సంవత్సరీకం నాటికి వంశవృక్షం పోస్టర్ ఒకటి తయారు చేసి హాల్లో పెట్టాం. అది చూసిన దగ్గర్నుంచి చుట్టాల్లో నలుగురైదుగురు ఒకటే అడుగుతున్నారు: "ఫొటోలన్నీ ఒకేలా ఎలా వచ్చాయి? మేం పాతవాటికి కలర్ వేయిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?" చెట్టు గీయడం, పేర్లు వేయడం అందరూ చేసుకోగలిగినవే. చిక్కంతా ఫొటోలతోనే.

మాకు పోగైనవి 17 ఫొటోలు. ముత్తాత 1938లో స్టూడియోలో కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడి తీయించుకున్నది దళసరి అట్టకు అతికించి ఉంది. ఒక మూల చెమ్మ తగిలి గోధుమరంగు మరక పడింది. నాయనమ్మది 1950ల నాటి పెద్ద ఫొటో, స్టూడియోవాళ్ళు ముఖానికి మాత్రం చేత్తో రంగులద్దినది. తాతయ్యది పాస్‌పోర్ట్ సైజు ఒక్కటే మిగిలింది. పెద్దనాన్న, పెద్దమ్మ 1984 నాటి ఒక పెళ్ళి గ్రూపు ఫొటోలో ఉన్నారు. అది కలర్ ఫొటోనే గానీ ఇప్పుడు మొత్తం ఎర్రబారింది. నాన్నది 2019లో ఫోన్‌తో తీసింది, వెనకాల ఫ్రిజ్ కనిపిస్తోంది.

వీటిని ఉన్నవున్నట్టే ఒకే రకం ఫ్రేముల్లో పెట్టేయడం మొదటి దారి. ఖర్చు లేదు, శ్రమ లేదు. ఒక షీటు మీద అమర్చి చూశాను. కన్ను ముందు ఎర్రబారిన ఫొటో మీదికి పోయింది, తర్వాత నాన్న ఫొటో మీదికి. ముత్తాత దగ్గర అసలు ఆగలేదు. చెట్టులో పైన ఉండాల్సిన మనిషి వెలిసిపోయిన మచ్చలా మిగిలాడు. ఆ దారి అక్కడే వదిలేశాను.

రెండోది, పాతవాటికి రంగులద్ది అన్నిటినీ కలర్‌లోకి తేవడం. దీనిమీద నాకూ మోజు ఉండేది. తెలిసిన స్టూడియోలో మూడు ఫొటోలు ఇచ్చి చేయించాను. పని శుభ్రంగానే చేశారు. కానీ ముత్తాత, తాతయ్య, నాయనమ్మ ముగ్గురూ ఒకే చాయలోకి వచ్చారు, లేత గోధుమ పసిమి. మా తాతయ్య మంచి నలుపు. ఊళ్ళో ఆయన్ని గుర్తుపట్టేదే ఆ నలుపుతో. అత్తయ్యకు చూపిస్తే చాలాసేపు చూసి, "బావున్నాడు గానీ మా నాన్న కాదురా" అంది. చీర రంగు సంగతీ అంతే. నాయనమ్మ ఒంటిమీదున్నది నేరేడుపండు రంగు చీరని అత్తయ్యకు గుర్తు, ఫొటోలో ఆకుపచ్చ వచ్చింది. నలుపు తెలుపు ఫొటోలో వెలుతురు ఎక్కడ ఎంత పడిందన్న లెక్క ఉంటుంది, రంగు ఉండదు. చీర ఏ రంగుదో, ఒంటి చాయ ఏదో ఎంత పనితనం ఉన్నవాళ్ళైనా ఊహించి వేయాల్సిందే. పక్కన కూర్చుని చెప్పడానికి ఆ మనుషుల్ని ఎరిగినవాళ్ళు ఉంటే కొంత నయం. ముత్తాతని కళ్ళారా చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

అందుకే మూడో దారికి వచ్చాను. అన్నిటినీ నలుపు తెలుపుల్లోకి దించి, మొత్తం మీద ఒకే సన్నని గోధుమ ఛాయ వేయడం. ఇందులో మనం రంగు తీసేస్తామే తప్ప లేనిది కలపం. కానీ తీయడంలోనూ తప్పులు జరుగుతాయి, నేనూ చేశాను. కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను.

ముందు స్కానింగ్. పాత నలుపు తెలుపు ఫొటోనైనా కలర్ మోడ్‌లోనే స్కాన్ చేయాలి. స్కాన్ ఫైల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. ఒకే ఫొటో ఒక్కో పొరలో ఒక్కోలా కనిపిస్తుంది. ఎర్రటిది ఎరుపు పొరలో తెల్లగా, ఆకుపచ్చ పొరలో నల్లగా వస్తుంది. ముత్తాత ఫొటో మీది గోధుమ మరక ఎరుపు పొరలో దాదాపు కనిపించలేదు. అదే నీలం పొరలో నల్లటి మచ్చ. కాబట్టి ఆ ఫొటోకి ఎరుపు పొర ఒక్కటే తీసుకున్నాను, మరక చెరిపే పని సగం తగ్గింది.

పెళ్ళి ఫొటో ఎర్రబారడానికి కారణం వేరు. ఆ కాలం కలర్ ప్రింట్లలో మూడు రంగుల అద్దకాలు ఉంటాయి. చాలా ప్రింట్లలో వాటిలోని నీలిఛాయ అద్దకం ముందు వెలిసిపోతుంది, అందుకే ఎరుపు పైకి తేలుతుంది. అది వెలిసిపోతే ఎరుపు పొరలో బొమ్మే బలహీనమవుతుంది, ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి. ఆకుపచ్చ పొరలో మాత్రం బొమ్మ నిలిచి ఉంటుంది. ఆ పొర ఒక్కటీ తీసుకుంటే పెద్దనాన్న మీసం కొసలతో సహా తేలింది.

నాయనమ్మ ఫొటో దగ్గర దెబ్బతిన్నాను. స్టూడియోవాళ్ళు బుగ్గలకు, పెదవులకు గులాబీ రంగు అద్దారు. ఆకుపచ్చ పొర తీసుకుంటే ఆ బుగ్గలు కమిలినట్టు నల్లబడ్డాయి. ఎరుపు పొరలో అద్దకం మాయమై అడుగునున్న అసలు ఫొటో చక్కగా వచ్చింది. సంతోషంగా ప్రింటు తీసి తీసుకెళ్తే, అత్తయ్య చూడగానే "అమ్మ నుదుట బొట్టేదిరా?" అంది. నాకు నోట మాట రాలేదు. బొట్టు కూడా స్టూడియోలో రంగుతో దిద్దిందే. బుగ్గల ఎరుపుతో పాటు అదీ లేచిపోయింది. నాయనమ్మ పసుపు కుంకుమలతో పోయిన మనిషి. తాతయ్య పక్కన ఆవిడని బోసి నుదుటితో పెట్టబోయాను. ఇంటికొచ్చి ఆకుపచ్చ పొర నుంచి బొట్టు ఉన్నంత మేర కత్తిరించి ఎరుపు పొర మీద పెట్టాను. అప్పటినుంచి ఏ ఆడమనిషి ఫొటో మార్చినా మొదట చూసేది నుదురే.

ఫోన్ ఫొటోలకు కూడా ఆకుపచ్చనే ఎక్కువ వాడాను. పాత స్టూడియోల్లో వాడిన ఫిల్ములు, గాజు ప్లేట్లలో చాలావాటికి ఎరుపు పట్టేది కాదు. అందుకే ఆ ఫొటోల్లో కుంకుమ, పెదవులు నల్లగా ఉంటాయి. ఇప్పటి ఫొటోని అలా మలిస్తేనే పక్కన ఇముడుతుంది. GIMP అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో `Colors > Components > Mono Mixer` తెరిచి Red 0.2, Green 0.7, Blue 0.1 ఇచ్చాను. నాన్న ఫొటో అక్కడికే చాలావరకు తాతయ్య ఫొటోకి దగ్గరైంది.

ఇక వెలుగు సరిచూడటం. నా దృష్టిలో పోస్టరు నిలిచేదీ కూలేదీ ఇక్కడే. చాలామంది ముఖాలన్నీ ఒకే తెలుపుకి తెస్తారు. అలా చేస్తే రంగులద్దినప్పుడు జరిగిన పొరపాటే మళ్ళీ జరుగుతుంది, నల్లవాళ్ళు, ఎర్రవాళ్ళు అందరూ ఒకటైపోతారు. ముఖాన్ని ముట్టుకోకుండా బట్టని చూసి సరిచేయాలి. ముత్తాత పంచె, తాతయ్య చొక్కా, పెద్దనాన్న ఉత్తరీయం, నాన్న బనీను, అన్నీ తెలుపే. పూర్తి నలుపుకి 0, పూర్తి తెలుపుకి 255గా ఉండే లెక్కలో ఆ తెలుపుని 225 దగ్గరికి, కంటిపాపని 25 దగ్గరికి తెచ్చాను. మధ్యలో ముఖం ఎక్కడ పడితే అక్కడే ఉంచాను. తాతయ్య నలుపు తాతయ్యకు ఉంది, పెద్దమ్మ పచ్చటి చాయ ఆవిడకు ఉంది, అయినా అందరూ ఒకే గదిలో ఒకే వెలుతురులో కూర్చున్నట్టు వచ్చారు. ఆడవాళ్ళ ఫొటోల్లో తెల్లబట్ట లేనిచోట జడలోని మల్లెపూలు పనికొచ్చాయి. పాత స్టూడియోల్లో నెగెటివ్ మీదే పెన్సిల్‌తో ముఖం తేటపరిచేవాళ్ళు కాబట్టి ముత్తాత అసలు చాయ ఇంతకంటే కొంచెం ముదురే అయ్యుండొచ్చు. దాన్ని నేను దిద్దలేదు.

పదును విషయంలో మసకగా ఉన్నదాన్ని పెంచే కన్నా పదునైనదాన్ని తగ్గించడం మంచిది. ముత్తాత కళ్ళు బలవంతంగా పదును చేస్తే గాజుకళ్ళలా అయ్యాయి, వెంటనే వెనక్కి తీసుకున్నాను. నాన్న ఫొటోనే కాస్త మెత్తబరిచి, పాత ఫొటోల్లో ఉండే సన్నని ఇసుకలాంటి గ్రెయిన్ కొద్దిగా వేశాను.

ఫ్రేము దగ్గర అండాకారమా, చతురస్రమా అన్నది ఎవరిష్టం వాళ్ళది. నేను అంచులు పొగలా కరిగే అండాకారం తీసుకున్నాను, ఫ్రిజ్ దానంతటదే పోయింది. దానికంటే ముఖ్యం తలల సైజు. నడినెత్తి నుంచి కొలిస్తే ముత్తాత తలపాగా లెక్క తప్పిస్తుంది. కళ్ళ నుంచి గడ్డం దాకా కొలిచి, ఆ దూరం అందరికీ ఒకటే చేశాను, కళ్ళు ఒకే ఎత్తులో పెట్టాను. ఒక్కో ఫొటోకి రెండున్నర అంగుళాల వెడల్పు ఇస్తే పాస్‌పోర్ట్ ఫొటోకి 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కల స్కాన్ సరిపోయింది. గ్రూపు ఫొటోలోని ముఖాలకు 1200 పెట్టాల్సి వచ్చింది. అంతకుమించి పెడితే ఫైలు బరువే తప్ప కొత్తగా ఏమీ కనిపించలేదు.

అందరినీ పెన్సిల్ బొమ్మలుగా గీయించడం ఇంకో దారి. మంచి చిత్రకారుడు దొరికితే అందంగానే ఉంటుంది, కాకపోతే అప్పుడు చూసేది ఆయన గీతని.

ఈ మూడో దారికి ఒక ఇబ్బంది ఉంది. అందరూ పాతఛాయలో ఉంటే బతికున్నవాళ్ళ ఫొటో కూడా దండ వేసిన ఫొటోలా అనిపిస్తుంది. మా అత్తయ్య తన ఫొటో పెట్టొద్దని గట్టిగా చెప్పింది, ఆమాట నిజమే అనిపించింది. అందుకే పోయినవాళ్ళకే ఫొటో, మిగతావాళ్ళకు కింది కొమ్మల్లో పేరు మాత్రమే. మీ ఇంట్లో పిల్లల ఫొటోలు కూడా ఉండాల్సిందేనంటే కింది వరుస కలర్‌లో ఉంచండి, ఫ్రేము, తలల సైజు కలిస్తే అంత ఎబ్బెట్టుగా ఉండదు.

గోధుమ ఛాయని ఒక్కో ఫొటోకి విడిగా వేయకుండా, అన్నీ అమర్చాక మొత్తం పోస్టరు మీద ఒకేసారి వేయాలి. విడిగా వేస్తే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. పూర్తి బూడిదరంగులో వదిలేస్తే కలర్ ఇంకులతో ప్రింటు చేసేటప్పుడు కొంత పచ్చగానో గులాబీగానో తిరుగుతుంది, ఈ ఛాయ ఆ లోపాన్ని కప్పుతుంది. ఫ్లెక్స్ మీద మాత్రం వేయించొద్దు, ఇంత చిన్న ముఖాలు చుక్కలు చుక్కలుగా వస్తాయి. మాది ఏ2 సైజు, మాట్ ఫొటో పేపరు. ముందు 4×6 కాగితం మీద నాలుగు ముఖాలు, ముత్తాత, నాయనమ్మ, పెద్దమ్మ, నాన్న, ప్రింటు తీయించి గుమ్మం దగ్గర ఎండ వెలుతురులో చూశాం. తెర మీద కనిపించినదానికంటే ముదురుగా వచ్చాయి. నడిమి ఛాయలు కొంచెం పెంచి మళ్ళీ తీయించాక, నాయనమ్మ బొట్టు చుట్టూ ఉన్న సన్నని రంగు మరక కూడా కనిపించింది. అప్పుడు పెద్ద ప్రింటుకి ఇచ్చాం.