‘వెరిఫైడ్ ఓనర్’ పచ్చ టిక్కు: వాడుకున్నాక నా మాట, రెండు స్టార్లే

ఈ అద్దె ఇళ్ల యాప్‌కి మొదట్లో నేను నాలుగు స్టార్లు ఇచ్చాను. బ్రోకరు లేడు, నేరుగా ఓనరుతోనే మాట్లాడొచ్చు, నెల అద్దె కమిషన్ మిగులుతుంది అని రాశాను. ఆ మాట ఇప్పటికీ పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. చిత్తూరులో మేము మొన్నటిదాకా ఉన్న ఇల్లు ఇందులోనే దొరికింది. కాకపోతే ఆ ఇల్లు అప్పట్లో మేమున్న వీధికి రెండు వీధుల అవతలే కాబట్టి సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి చూసొచ్చాం. అప్పుడు యాప్ మీద ఆధారపడాల్సిన అవసరమే రాలేదన్న సంగతి, తిరుపతిలో ఇల్లు వెతికేటప్పుడే తెలిసింది.

మా ఆయనకి తిరుపతి బదిలీ అయింది. చిత్తూరు నుంచి డెబ్బై కిలోమీటర్లు. ప్రతి ఇంటికీ పరుగెత్తలేం కదా, అందుకని ‘వెరిఫైడ్ ఓనర్’ అని పచ్చ టిక్కు ఉన్నవాటినే వడగట్టి చూశాను. ఎయిర్ బైపాస్ రోడ్డుకి దగ్గర్లో నాలుగో అంతస్తు, డబుల్ బెడ్‌రూం, అద్దె తొమ్మిది వేలు అని ఒకటి కనిపించింది. చుట్టుపక్కల అలాంటి ఇళ్లకి పద్నాలుగు వేలు అడుగుతున్నారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. తాను కెనడాలో ఉంటాననీ, మంచి కుటుంబం వస్తే చాలు అద్దె ముఖ్యం కాదనీ, ఇల్లు చూడాలంటే అపార్ట్‌మెంట్ వాళ్ల గేట్‌పాస్ కోసం రెండు వేలు కట్టాలనీ, అది అడ్వాన్సులో తగ్గిస్తాననీ రాశాడు. పాస్‌పోర్టు ఫొటో, టొరంటోలోని ఆఫీసు గుర్తింపు కార్డు ఫొటో అడక్కుండానే పంపాడు.

నాకు అనుమానం మొదలైంది పాస్‌పోర్టు దగ్గర కాదు, బాల్కనీ ఫొటో దగ్గర. ఉత్తరం వైపు బాల్కనీ అని ప్రకటనలో రాసుంది. తిరుపతిలో నాలుగో అంతస్తులో నిలబడి ఉత్తరం చూస్తే కొండ కనపడకుండా ఎట్లా ఉంటుంది? ఎదురుగా పెద్ద బిల్డింగు అడ్డం ఉంటే తప్ప. ఆ ఫొటోలో అడ్డమేమీ లేదు, దూరం దాకా చదునైన నేల, కొబ్బరిచెట్లు, ఒక నీళ్ల ట్యాంకు. అదే ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెడితే వేరే ఊరి ప్రకటనలో, వేరే అద్దెకి కనిపించింది.

డబ్బు ఎక్కడికి పంపాలని అడిగాను. యూపీఐ ఐడీ ఇచ్చాడు. దాన్ని నా ఫోన్‌లో టైప్ చేసి, పిన్ కొట్టకుండా ఆగితే బ్యాంకులో ఉన్న పేరు తెర మీద వస్తుంది. వచ్చింది పాస్‌పోర్టు మీద ఉన్న పేరు కాదు. ‘మా అకౌంటెంట్’ అన్నాడు. మా పిన్నమ్మ కొడుకు అమెరికాలో ఉండి మదనపల్లెలో ఇల్లు అద్దెకిచ్చాడు కాబట్టి ఈ వ్యవహారం నాకు కొంత తెలుసు. విదేశంలో స్థిరపడినవాళ్లకి ఇక్కడి అద్దె మామూలుగా ఎన్నారైల కోసమే ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది. మామూలు సేవింగ్స్ ఖాతా వాళ్లు ఉంచుకోకూడదు. పైగా ఎన్నారైకి అద్దె కట్టేవాళ్లే అందులోంచి టీడీఎస్ అనే పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, అందుకని నిజమైన ఎన్నారై ఓనర్లు పాన్ నంబరు సంగతి ముందే ఎత్తుతారు. ‘మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతా చెప్పండి సార్, అందులోనే వేస్తాం’ అని రాశాను. ఖాతా రెన్యువల్‌లో ఉందన్నాడు. ఇక్కడ మీ తరఫున ఎవరున్నారు, మీ బదులు సంతకం పెట్టే అధికారమిచ్చే జీపీఏ ఎవరి పేరున ఉంది అని అడిగితే జవాబు లేదు. సాయంత్రంలోగా కట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానని మాత్రం వచ్చింది.

మేము డబ్బు పంపలేదు. కానీ ఇల్లు ఎక్కడుందో చూద్దామని ఆదివారం వెళ్లాం. ప్రకటనలోని అపార్ట్‌మెంట్ నిజంగానే ఉంది. గేటు దగ్గర, పీలేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతిలో ఫోన్ పట్టుకుని వాచ్‌మన్‌తో వాదిస్తున్నాడు. కూతురు యూనివర్సిటీలో చేరిందట. ‘పాస్‌కి కట్నాను సామీ, మళ్లా అడ్వాన్సు కట్నాను, ఇంటి తాళం నీ దగ్గర ఉండాదని చెప్నాడే’ అంటున్నాడు. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపుతున్నాడు. ‘నాలుగో అంతస్తులో ఖాళీ లేదన్నా. ఈడ గేట్‌పాస్ అనేదే లేదు.’

ఆ పెద్దాయన ముందు రెండు వేలు కట్టాడు. అది కట్టగానే ‘సిస్టంలో అడ్వాన్సు కూడా చూపిస్తేనే పాస్ వస్తుంది’ అని పద్దెనిమిది వేలు కట్టించుకున్నారు. ఆ రెండోది అదే రోజు పొద్దున పంపాడు. మా ఆయన అక్కడే నిలబడి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాడు. ఈ నంబరుకి ఫోన్ చేసే ముందు అన్నిటికన్నా ముఖ్యంగా సిద్ధంగా ఉంచుకోవాల్సింది: ప్రతి చెల్లింపు వివరాల్లో కనిపించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు. దాంతోపాటు మన బ్యాంకు పేరు, మొత్తం, టైము. అవి తీసుకుని ఫిర్యాదు నంబరు ఇచ్చారు. తర్వాత cybercrime.gov.in లో స్క్రీన్‌షాట్లతో మిగతా వివరాలు నింపాం. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే బ్యాంకు దాన్ని ఆపి ఉంచగలదు, ఇంకో ఖాతాకి తరలిపోయిందంటే కష్టం. అందుకే గంటలు ముఖ్యం. తర్వాత ఆ పెద్దాయన ఫోన్ చేసి, పొద్దున పంపిన దాంట్లో కొంత ఆపి ఉంచారని చెప్పాడు. మొదటి రెండు వేల జాడ లేదు.

ఇక ఆ పచ్చ టిక్కు. యాప్ సహాయ పేజీ కిందికంటా చదివితే అసలు సంగతి అక్కడుంది. ‘వెరిఫైడ్’ అంటే ప్రకటన పెట్టినవాడి ఫోన్‌కి ఓటీపీ వెళ్లింది, అతను దాన్ని కొట్టాడు, అంతే. ఇంటిని ఎవరూ చూడలేదు, కాగితం ఎవరూ అడగలేదు. సిమ్ ఉందని తేలితే ఇల్లు ఉందని టిక్కు కొట్టడం నాకు చాలా కోపం తెప్పించింది. ఆ టిక్కే లేకపోతే ఆ పెద్దాయన పీలేరులో కూర్చుని డబ్బు పంపేవాడా?

వాళ్లు చేయగలిగిన పని ఏమంత పెద్దది కాదు. ప్రతి ఇంటి కరెంటు మీటరుకీ ఒక సర్వీస్ నంబరు ఉంటుంది. బిల్లు కట్టే యాప్‌లో ఆ నంబరు కొడితే మామూలుగా వినియోగదారు పేరు వస్తుంది. ఓనరు దగ్గర ఆ నంబరు తీసుకుని పేరు సరిచూడొచ్చు. అది తిరుగులేని రుజువని అనను, కొత్త అపార్ట్‌మెంట్లలో మీటరు బిల్డరు పేరు మీదే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కానీ నిజమైన ఓనరైతే ‘అది బిల్డరు పేరమ్మా, ఇదిగో ఇంటి పన్ను రసీదు’ అని ఏదో ఒకటి చూపిస్తాడు. మేము తర్వాత తిరుపతిలోనే ఎం.ఆర్.పల్లిలో ఇల్లు తీసుకున్నప్పుడు అలాగే జరిగింది. అది టులెట్ బోర్డు చూసి తీసుకున్న ఇల్లు, ఓనరమ్మ కింది వాటాలోనే ఉంటుంది.

ఫిర్యాదు చేశాక ఆ ప్రకటన తీసేశారు, ఆ విషయంలో ఆలస్యం చేయలేదు. అయితే అవే ఫొటోలు, ఆ నీళ్ల ట్యాంకు బాల్కనీతో సహా, తిరుపతిలోని కొర్లగుంట పేరుతో మళ్లీ కనిపించాయి. పచ్చ టిక్కు కూడా ఉంది. దాన్నీ రిపోర్ట్ చేశాను.

తిరుపతిలోనే ఉండి, సాయంత్రం బండి మీద వెళ్లి చూసొచ్చే వీలున్నవాళ్లకి ఈ యాప్ పనికొస్తుంది. ఏ వీధిలో అద్దెలు ఎంత నడుస్తున్నాయో తెలుసుకోవడానికి నేనే ఇంకా చూస్తుంటాను. మాలాగా వేరే ఊళ్లో ఉండి, పిల్లల బడులు తెరిచేలోగా ఇల్లు కావాలని తొందరలో ఉన్నవాళ్లకి మాత్రం ఇప్పుడున్న తీరులో చెప్పలేను. తిరుపతిలో చుట్టమో స్నేహితులో ఉంటే, ముందు వాళ్లని గేటు దాకా పంపించి వాచ్‌మన్‌తో మాట్లాడించండి. ఆ టిక్కు పేరు ‘ఫోన్ నంబరు సరిచూశాం’ అని మార్చినా చాలు, ఇంకో స్టారు ఇస్తాను.