అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఎలక్ట్రిక్ కారు బుక్ చేస్తున్నారా? ముందు ఎన్‌ఓసీ చేతికి రానివ్వండి

మూడు నెలల పాటు నా రాత్రి భోజనం తర్వాతి పని ఒకటే. కారు తీసుకుని ఆరు కిలోమీటర్లు వెళ్లి, పబ్లిక్ చార్జర్ దగ్గర ముప్పావు గంట కూర్చుని, మళ్లీ ఇంటికి రావడం. సెల్లార్‌లో నా పేరు మీద పార్కింగ్ ఉంది, పైన నా మీటర్ ఉంది. ఆ రెంటి మధ్య ఒక వైరు లాగడానికి అసోసియేషన్ ఇవ్వాల్సిన అనుమతి పత్రం, అదే ఎన్‌ఓసీ, మాత్రం లేదు. తప్పులో సగం నాదే కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కారు బుకింగ్‌కి డబ్బు కట్టబోయేవాళ్లు ముందు ఇది చదవండి.

మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. స్టిల్ట్, దాని కింద రెండు సెల్లార్లు. నాలుగేళ్ల కిందట రీసేల్‌లో కొన్నాను. కారు కొనే ముందు లిఫ్టులో కలిసిన సెక్రటరీ గారిని అడిగితే "పెట్టుకోండి సార్, మీ స్లాటు మీ ఇష్టం, కరెంటు మీ మీటర్‌దే కదా" అన్నారు. షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి ఇంకో అడుగు ముందుకేసి "హోమ్ చార్జర్ ఫ్రీ సార్, ఎన్‌ఓసీ అంటే ఒక సంతకమే" అన్నాడు. నేను నమ్మాను.

డెలివరీకి పది రోజుల ముందు చార్జర్ బిగించే కంపెనీ మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. మీటర్ బోర్డు స్టిల్ట్‌లో ఒక మూల, నా స్లాటు రెండో సెల్లార్‌లో ఎదుటి మూల. పైపు పోయే దారి వెంట కొలిస్తే 42 మీటర్లు. "ఫ్రీ"లో వచ్చేది 15 మీటర్లు మాత్రమేనట, మిగతాది మీటరుకి ఇంత అని మనమే కట్టుకోవాలి. రెండో మాట, వాళ్లు ఇచ్చేది 7.2 కిలోవాట్ల చార్జర్. నా కరెంటు కనెక్షన్‌కి కాంట్రాక్టెడ్ లోడు, అంటే ఒకేసారి వాడుకోవడానికి ఉన్న పరిమితి, 4 కిలోవాట్లు. బిల్లు మీద అచ్చేసి ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు. మూడోది, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఎన్‌ఓసీ లేకుండా గోడకి ఒక్క మేకు కూడా కొట్టనన్నాడు.

సెక్రటరీ గారి దగ్గరికి పరుగెత్తాను. "అది కమిటీలో పెట్టాలండీ" అన్నారు. లిఫ్టులో అన్న మాట ఆయనకి గుర్తుంది కూడా, కానీ కాగితం మీద పెట్టడానికి ఆయన ఒక్కరి వల్ల కాదు. కమిటీ మూడు అభ్యంతరాలు చెప్పింది: సెల్లార్‌లో మంటలు అంటుకుంటే ఎవరిది బాధ్యత, బిల్డింగ్ లోడు సరిపోదు, అసలు ఆ స్లాటు మీదేనా.

మూడోది వినగానే నవ్వొచ్చింది. నాలుగేళ్లుగా 47వ నంబరులోనే బండి పెడుతున్నాను మరి. ఇంటికొచ్చి కాగితాలు తీశాక నవ్వు పోయింది. రిజిస్ట్రేషన్ డాక్యుమెంటులో "సెల్లార్‌లో ఒక కారు పార్కింగ్" అనే ఉంది, నంబరు లేదు. బిల్డర్ ఇచ్చిన అలాట్‌మెంట్ లెటర్‌లో నంబరు ఉంది, కానీ అది 31. నాకు ఫ్లాటు అమ్మినాయనా, మూడో అంతస్తు అంకులూ ఎప్పుడో నోటిమాట మీద స్లాట్లు మార్చుకున్నారట. నేను చార్జర్ పెట్టబోయే చోటు కాగితాల ప్రకారం అంకుల్‌ది. నేను గోడకి పెట్టె బిగించి లక్ష ఖర్చు పెట్టాక ఆయన ఫ్లాటు అమ్ముకుంటే, కొన్నవాళ్లు వచ్చి నా 47 నాకివ్వండి అంటే, నా దగ్గర జవాబు లేదు.

రీసేల్‌లో కొన్నవాళ్లకి ఇది చాలా మామూలు సమస్య. బిల్డర్ పార్కింగ్‌ని ఫ్లాటులా విడిగా అమ్మడం కుదరదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. కాబట్టి చాలామంది దగ్గర ఉండేది ఆ స్లాటు వాడుకునే హక్కు, దానికి ఆధారం ఒక అలాట్‌మెంట్ లెటరు, అసోసియేషన్ రిజిస్టరులో ఒక లైను. ఆ రెండూ కలవకపోతే ముందు అది సరిచేసుకోవాలి. అంకుల్ మంచివారు. "ఏం బాబూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా" అని దెప్పి, మార్పిడి ఒప్పుకుంటూ ఇద్దరం రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. కమిటీ దాన్ని రిజిస్టరులో ఎక్కించింది. దీనికే మూడు వారాలు పట్టింది.

ఈలోగా కారు వచ్చేసింది. ఇక్కడే నేను అసలు తప్పు చేశాను. ఎవరికీ చెప్పకుండా, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో నా మీటర్ నుంచి ఒక వైరు లాగించి 15 ఆంప్స్ సాకెట్ పెట్టించాను. "తాత్కాలికమే కదన్నా, 2.5 వైరు చాలు, ఏసీలకి అదే వేస్తాం" అన్నాడు. ఏసీ గదిలో వైరు పది మీటర్లు ఉంటుంది, కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. కారు అలా కాదు. 14 ఆంప్స్ లాగడం మొదలుపెట్టిందంటే ఏడెనిమిది గంటలు ఆపకుండా లాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 42 మీటర్లు పోయి 42 మీటర్లు వెనక్కి రావాలి. ఆ 84 మీటర్ల వైరులోనే తొమ్మిది వోల్టులకి పైగా పడిపోతుంది, అంటే నూటముప్పై వాట్ల దాకా వేడి రాత్రంతా పైపులోనే పుడుతుంది. అది పొడవునా పరుచుకుంటుంది కాబట్టి వైరు బాగానే ఉంటుంది, వదులుగా ఉన్న జాయింటు దగ్గర మాత్రం వేడి పేరుకుంటుంది.

నాలుగో రాత్రి వాచ్‌మన్ ఫోన్ చేశాడు, "సార్, మీ బండి కాడ కాలిన వాసనొస్తోంది." వెళ్లి చూస్తే సాకెట్‌లో ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడింది. ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మంట రాలేదు, అదృష్టం. కానీ తెల్లారేసరికి ఆ సాకెట్ ఫొటో బిల్డింగ్ గ్రూపులో తిరిగింది. మంటల గురించి కమిటీ పడ్డ భయానికి నేనే సాక్ష్యం ఇచ్చినట్టయింది. అప్పటిదాకా నా వైపున్న ఇద్దరు కూడా మాట్లాడటం మానేశారు. అడగకుండా చేసిన పని పాడైతే, ఆ తర్వాత ఎంత పద్ధతిగా అడిగినా అనుమానంగానే చూస్తారు.

కోపంతో రూల్స్ వెతికాను. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే, ఇంట్లో ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే సొంత బండి చార్జ్ చేసుకోవచ్చని ఉంది. 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, బండి చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడగవచ్చనీ చెప్పారు. ఇవి ప్రింటు తీసి మీటింగులో బల్ల మీద కొడదామనుకున్నాను. లాయరైన ఒక స్నేహితుడు ఆపాడు. ఆ రూల్స్ నీకూ కరెంటు సంస్థకూ మధ్య వ్యవహారం చెప్తాయి, మీ మీటర్ రూమ్ గోడా, సెల్లార్ స్లాబూ అందరివీ, వాటికి కన్నం పెట్టాలంటే మిగతా 63 మందిని అడగాల్సిందే అన్నాడు. అదీ నిజమే. రూలు చూపించి కనెక్షన్ తెచ్చుకోవచ్చేమో కానీ, పైపు పోయే దారి మాత్రం అసోసియేషన్ ఇస్తేనే వస్తుంది.

రెండోసారి పెట్టిన దరఖాస్తు పాస్ అయింది. మొదటిది "చార్జింగ్ పాయింట్‌కి అనుమతి ఇవ్వగలరు" అనే ఒక్క లైను. దానికి ఎవరైనా ఏమని సంతకం పెడతారు? రెండో దాంట్లో ముందు 7.2 కిలోవాట్ల చార్జర్ కోరిక వదులుకున్నాను. నేను రోజుకి తిరిగేది 40 కిలోమీటర్లు, దానికి ఆరు యూనిట్లు చాలు. 15 ఆంప్స్ సాకెట్ మీద అది రెండు గంటల పని. ఆ సాకెట్ మీద కారు లాగే 3.3 కిలోవాట్లంటే దాదాపు ఒక గీజరూ, ఒక ఏసీ కలిపినంత. రాత్రి పదకొండు తర్వాత మొదలయ్యేలా కారులోనే టైమర్ పెట్టుకుంటానని రాశాను, ఆ వేళకి గీజర్లుండవు. నా కాంట్రాక్టెడ్ లోడు 6 కిలోవాట్లకి పెంచమని కట్టిన రసీదు జత చేశాను. లోడు అభ్యంతరం అక్కడితో పోయింది.

మిగతాది పని ఎలా జరుగుతుందన్న వివరం. స్లాటు నంబరు, మీటర్ నంబరు, పైపు ఏ బీము వెంట పోతుందో చేత్తో గీసిన బొమ్మ. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మధ్యలో ఎక్కడా జాయింటు లేకుండా. మీటర్ దగ్గర లోడు ఎక్కువైతే ఆగిపోయే విడి ఎంసీబీ, షాక్ కొడితే ట్రిప్పయ్యే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. సాకెట్ మామూలు ఇంటిది కాదు, నీలం రంగు మూతుండే ఇండస్ట్రియల్ రకం, నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తున. సెల్లార్‌లో వాననీళ్లు చేరడం మనకి కొత్త కాదు కదా. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడనని కూడా రాశాను, కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలు ఎలాగూ దాన్ని ఒప్పుకోవు. లైసెన్సున్న కాంట్రాక్టర్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించి రిపోర్టు ఇస్తానన్నాను. ఈ పరీక్ష కమిటీ కోసమే కాదు, ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఎర్ర లైటు చూపించి అసలు చార్జే తీసుకోవు.

చివరికి మీటింగులో చెయ్యెత్తినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకున్నారు. షోరూమ్ చార్జర్ నాకు పనికి రాలేదు, దానికి బదులు డబ్బు కూడా వెనక్కి ఇవ్వలేదు. కారు బుక్ చేసేటప్పుడే "హోమ్ చార్జర్ వద్దంటే ఎంత తగ్గిస్తారు" అని అడిగి రాయించుకోండి.

ఇక ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఆ సంతోషంలో చదవకుండా ఫైల్లో పెట్టకండి. నాకిచ్చిన మొదటి కాపీలో చివరి లైను "అసోసియేషన్ కోరినప్పుడు వెంటనే తొలగించవలెను" అని ఉంది. అంటే రేపు కమిటీ మారితే కథ మళ్లీ మొదటికి. నేను దాన్ని "భద్రతా లోపం కనబడితే రాతపూర్వకంగా కారణం చెప్పి, సరిచేసుకోవడానికి 30 రోజులు ఇవ్వవలెను" అని మార్పించాకే తీసుకున్నాను. ఫ్లాటు అమ్మితే ఆ అనుమతి కొన్నవాళ్లకి వర్తిస్తుందని ఇంకో లైను కూడా అడగాల్సింది, తట్టలేదు. మీరు అడగండి.