లేఅవుట్ వాన నీటికి మూత కాలువా, హ్యూమ్ పైపా: ఏది మేలు?

హైదరాబాద్ శివార్లలో వేసే ఓ పదెకరాల, అంటే సుమారు 4 హెక్టార్ల లేఅవుట్ తీసుకుందాం. నీరంతా చివరి రోడ్డు వెంట 300 మీటర్లు పారి పక్కనున్న నాలాలో కలుస్తుంది. ఆ చివరి లైనుకు కాంక్రీటు మూత కాలువ కట్టాలా, హ్యూమ్ పైపు అనే గుండ్రటి కాంక్రీటు పైపు వేయాలా అన్నది తేల్చే ముందు ఎంత నీరొస్తుందో లెక్క కట్టాలి. చిన్న విస్తీర్ణానికి రేషనల్ పద్ధతి చాలు:

```
Q = C × I × A / 360
```

ఇక్కడ A హెక్టార్లలో, I గంటకు మిల్లీమీటర్లలో ఉంటే Q సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది. C అంటే కురిసిన వానలో పారే వంతు. ఇవాళ ప్లాట్లు ఖాళీగా ఉన్నాయని దాన్ని తగ్గించకండి, ఇళ్లన్నీ లేచాక ఉండే స్థితికే లెక్క వేయాలి. ప్లాట్లు 60 శాతానికి 0.7, రోడ్లు 30 శాతానికి 0.85, పార్కు 10 శాతానికి 0.25 అనుకుంటే సగటు సరిగ్గా 0.70.

ఎక్కువ మంది తప్పేది I దగ్గర. వాతావరణ రికార్డులో కనిపించే గంట వాన ఇక్కడ పనికిరాదు. లేఅవుట్ చివరి మూల నుంచి నీరు నాలా దాకా చేరడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపటి వాన తీవ్రత కావాలి. కప్పు మీది నీరు కాలువలో పడడానికి 10 నిమిషాలు, కాలువలో సెకనుకు మీటరు వేగంతో 300 మీటర్లకు 5 నిమిషాలు, కలిపి 15. ఆ ఊరి వాన తీవ్రత పట్టికలో 15 నిమిషాలకు 90 మి.మీ. ఉందనుకుందాం. Q = 0.70 వస్తుంది. అదే గంట సగటు 45 పెట్టి ఉంటే 0.35 వచ్చేది, కాలువ సగానికి సగం చిన్నదయ్యేది.

ఇప్పుడు 200కి 1 వాలులో రెండింటినీ, ఆకారం, వాలు, గరుకుదనాన్ని బట్టి ఎంత నీరు పారుతుందో చెప్పే మ్యానింగ్ సూత్రంతో చూద్దాం. ఇందులో n అంటే లోపలి గరుకుదనం. 0.75 మీటర్ల వెడల్పు కాంక్రీటు కాలువలో (n = 0.015) 0.6 మీటర్ల లోతు నీరు పారితే సెకనుకు 0.80 ఘనపు మీటర్లు పడుతుంది, వేగం సెకనుకు సుమారు 1.75 మీటర్లు. మీద 15 సెం.మీ. ఖాళీ వదిలితే లోపలి లోతు 0.75. పైపుల్లో (n = 0.013) 700 మి.మీ.ది నిండుగా పారినా 0.65 దగ్గరే ఆగుతుంది, 800 మి.మీ.ది 0.93 మోస్తుంది. వేగం మనం అనుకున్న 1 కాదు, 1.75 అని తేలింది కాబట్టి ప్రయాణం 3 నిమిషాలే. మళ్లీ 13 నిమిషాల తీవ్రతతో చూడాలి: అది 96 అయితే Q 0.75. రెండూ నిలుస్తాయి.

నీటిని మోయడంలో తేడా లేదు. తేల్చేది నాలా మట్టం. వాహనాల బరువుకు పైపు మీద 0.9 మీటర్ల మట్టి కావాలి. పైపు మందం, వ్యాసం కలిపితే దాని లోపలి అడుగు రోడ్డుకు సుమారు 1.8 మీటర్ల కింద ఉంటుంది. కాలువ అడుగు, మూత పలకతో కలిపి, 0.85 మీటర్లే. వరద రోజున నాలాలో నీరు రోడ్డుకు మీటరు కిందదాకా నిలిస్తే పైపు నోరు మునిగిపోతుంది. అప్పుడు నీరు లాగేది 200కి 1 వాలు కాదు, లోపలి నీటికీ నాలా నీటికీ మధ్య ఉన్న మట్టాల తేడా మాత్రమే. పైపు సైజు పెంచినా పోయిన వాలు తిరిగి రాదు. అందుకే డిజైను మొదలుపెట్టే ముందే నాలా అడుగు, గట్టు మీది వరద గుర్తు లెవెల్ తీయించండి. చాలా లేఅవుట్లలో ఆ రెండు అంకెలే మూత కాలువను ఎంచుకునేలా చేస్తాయి.

నాలా లోతుగా ఉండి రోడ్డు ఇరుకైతే పైపే మేలు. చిన్న వానకు వచ్చే పలచని నీరు గుండ్రటి అడుగున చేరి ఒండ్రును తోసుకుపోతుంది. కాలువ చదును అడుగున అదే నీరు పరుచుకుని మట్టి దిగబెడుతుంది. కాలువ కడితే అడుగును మధ్యకు కాస్త వాలుగా పోయించండి. పైపు పూడిందని తెలిసేది ఆలస్యంగానే: వాన వెలిశాక రెండు రోజులకు కూడా పై మ్యాన్‌హోల్‌లో నీరు నిలిచి, కింది మ్యాన్‌హోల్ పొడిగా ఉంటే ఆ రెంటి మధ్యే అడ్డు ఉంది. అందుకే మ్యాన్‌హోళ్లు 30 మీటర్లకు మించి దూరం పెట్టకూడదు.

కాలువకు ఉన్న పెద్ద శత్రువు ఇంటి ముందు ర్యాంపు. పలకల మీద కాంక్రీటు పోసేస్తే ఆ ముక్క ఇక తెరుచుకోదు, ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. గేటు ఎదుట కారు బరువు మోసే మందపు పలక మొదట్లోనే వేసి, దానికి ఎత్తే కొక్కాలు పెట్టి ఇస్తే యజమానికి ర్యాంపు కట్టే పని తగ్గుతుంది. రోడ్డు దాటే చోట మాత్రం పలకలు వద్దు, అక్కడ బాక్స్ కల్వర్టు కట్టి, దానికి ముందు అర మీటరు లోతు ఒండ్రు గుంట పెట్టాలి.