ఇంటర్వ్యూను షార్ప్ చేయడం మేలా, చిన్న ఫ్రేములో చూపడం మేలా?

మాస్టారికి నమస్కారం.

1996 నవంబరు తుఫాను గురించి అమలాపురం దగ్గరి తోటలో కొబ్బరి దింపు తీసే పెద్దాయనతో మీరు చేసిన 18 నిమిషాల ఇంటర్వ్యూ మొత్తం చూశాను. ముఖం మసకగా ఉంది, షార్ప్ చేయమన్నారు. పని మొదలుపెట్టే ముందు ఫైలును పరీక్షించాను.

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=width,height,bit_rate -of default=nw=1 interview.mp4

width=1280
height=720
bit_rate=1000000
```

సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఇందులో ప్రతి సెకనుకూ రెండు కోట్ల ముప్పై లక్షల పిక్సెళ్లు ఉన్నాయి, వాటన్నిటికీ దక్కినవి పది లక్షల బిట్లు, అంటే సగటున ఇరవై మూడు పిక్సెళ్లకు ఒక బిట్. కదలని గోడ ముందు తీసి ఉంటే ఇదైనా కొంత సరిపోయేది, ఎందుకంటే మారని భాగానికి, వీడియోను కుదించే కోడెక్ మళ్లీ మళ్లీ బిట్లు ఖర్చు చేయదు. మీ ఫ్రేములో మాత్రం వెనక కొబ్బరాకులు గాలికి ఆగకుండా ఊగుతున్నాయి. ఉన్న బిట్లలో ఎక్కువ వాటాను అవే తినేయడంతో ముఖానికి మిగిలింది స్వల్పం.

బిట్లు చాలనప్పుడు కోడెక్ ముందుగా వదిలేసేది సన్నని వివరాన్నే. గడ్డం వెంట్రుకలు, కనురెప్పలు, చర్మపు ముడతలు తెలిపే విలువలు సున్నా అయిపోయి, ఆ చోట చదునైన చతురస్రాలు మిగులుతాయి. షార్ప్ ఫిల్టర్ చేసేది అంచుల దగ్గర వెలుగునీడల తేడాను పెంచడమే కనుక, ఫైలులో లేని వెంట్రుకను అది తేలేదు. చతురస్రాల అంచులను మాత్రం వెంట్రుకలతో సమానంగా ఎత్తి చూపుతుంది. పెద్దాయన తల తిప్పిన చోట ప్రయత్నించి చూశాను. చెవి చుట్టూ తెల్లని గీత పుట్టింది, చెంప మీద గళ్లు తేలాయి. మీరు కూడా ఒక ఫ్రేమును ఆపి, 200 శాతానికి పెంచి గడ్డం చూడండి: అక్కడ విడి వెంట్రుకలు కనబడకపోతే ఏ ఫిల్టరూ వాటిని నిజంగా తిరిగి ఇవ్వదు.

మీ ఫోనులో ఇంతకంటే పెద్ద ఫైలు ఉంటే అన్నిటికంటే అదే మేలు. సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున తీసినదైతే అది సుమారు 2.3 జీబీ ఉంటుంది, నాకు వచ్చినది 135 ఎంబీ. వాట్సాప్‌లో కాకుండా పెన్‌డ్రైవులో పంపండి. ఫోనులోనే తక్కువ నాణ్యతతో రికార్డయి ఉంటే, 1920×1080 ఫ్రేములో ఈ దృశ్యాన్ని సగం వెడల్పుకు, అంటే 960 పిక్సెళ్లకు తగ్గించి, పక్కన ఆయన పేరు, ఊరు వేయడం నా సలహా. చిన్నదైనప్పుడు గళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కంటికి అంతగా తగలవు. ఫుల్ స్క్రీనుకు సాగదీస్తే అవే ఒకటిన్నర రెట్లు అవుతాయి.

మళ్లీ ఇంటర్వ్యూ చేద్దామన్న ఆలోచన నాకు నచ్చలేదు. ఇంటి పైకప్పు ఎగిరిపోయిన రాత్రి గురించి చెబుతూ ఆయన ఆగిన చోటు మళ్లీ అడిగితే వచ్చేది కాదు, పైగా ఆడియో శుభ్రంగా ఉంది. ఆ మాటల మీద వేయడానికి ఆయన చేతులు, మోకు, తోట ఎక్కువ బిట్‌రేటుతో కొత్తగా తీస్తే చాలు. ఈసారి కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టించండి.