కస్టమర్ లిస్టు శుభ్రం చేయిస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

కర్నూలులో మాది సోనా మసూరి బియ్యం వ్యాపారం. ఆన్‌లైన్‌లోనూ, ఫోన్‌లోనూ ఆర్డర్లు తీసుకుంటాం. ఒకే మనిషి ఒకసారి భార్య నంబరు, ఇంకోసారి ఆఫీసు మెయిల్ ఇవ్వడంతో లిస్టులో మూడు నాలుగు పేర్లుగా కనిపించేవాడు. వాటిని కలిపిస్తామంటే ఒకరికి 8,000 రూపాయలు ఇచ్చాను. 4,180 రికార్డులు 2,960 అయ్యాయి. అబ్బ, ఎంత తగ్గిందో అని సంబరపడ్డాను కూడా.

వారానికి నంద్యాల నుంచి ఫోన్. 'నేను ఆర్డర్ పెట్టిన బస్తా ఆదోనిలో ఎవరింటికో వెళ్లిందట, ఏంటండీ ఇది?' తీరా చూస్తే ఆయన పేరు మీద 143 ఆర్డర్లున్నాయి, పది ఊళ్ల అడ్రసులతో!

తప్పు ఎక్కడంటే, ఫోన్ గానీ మెయిల్ గానీ ఏ ఒక్కటి కలిసినా ఒకే మనిషి అనుకునేలా కలిపారు. ఫోన్ ఆర్డర్లు రాసుకునే మా కుర్రాడు, కస్టమర్ నంబరు అడగడం బద్ధకమై చాలాసార్లు షాపు నంబరే కొట్టేవాడు. నంద్యాల ఆయన రికార్డులో ఆ నంబరుంది, ఆదోని ఆమె రికార్డులోనూ ఉంది. పైగా ఆయన రికార్డులో మెయిల్ నెట్ సెంటర్ వాడిది. అదే మెయిల్‌తో ఇంకో ఇరవై మంది ఆర్డర్ పెట్టారు. ఆ ఇరవై మందికీ ఆదోని ఆమెకీ ఏ సంబంధమూ లేదు. మధ్యలో ఆయన రికార్డు ఉంది కాబట్టి గొలుసులా అందరూ ఒక్కటైపోయారు. +91, ముందు సున్నా తీసేయడం మాత్రం సరిగ్గానే చేశారు, అది ఒప్పుకోవాలి.

ఒకే ఫోన్ నంబరు మూడుకంటే ఎక్కువ పిన్‌కోడ్‌లతో ఉందా అని కలపకముందే ఈ ఒక్క ప్రశ్న వేసి ఉంటే దొరికేది:

```sql
SELECT phone, COUNT(DISTINCT pincode) AS n
FROM customers
GROUP BY phone
HAVING COUNT(DISTINCT pincode) > 3
ORDER BY n DESC;
```

నేను తర్వాత నడిపితే మొదటి వరుసలోనే మా షాపు నంబరు. ఇలాంటి నంబర్లను పక్కన పెట్టాకే కలపాలి. మెయిల్‌కీ ఇదే చూడాలి. అయితే ఇల్లు మారినవాళ్లు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేవాళ్లు కూడా ఇందులో పడతారు, కాబట్టి పైన వచ్చినవాటిని కంటితో చూడాల్సిందే. కలిపాక కూడా పెద్ద గుంపులు ఓ పది తెరిచి పేర్లు, అడ్రసులు చదవండి. అరగంట పని.

అసలు దెబ్బ ఇంకొకటుంది. పాత కస్టమర్ ఐడీలను చెరిపేసి కొత్తవి రాసేశారు. ఏది దేనిలో కలిసిందో చెప్పే పట్టిక ఇవ్వలేదు. అడిగితే 'అది మా పని కాదండీ' అన్నారు. పాత ఐడీ, కొత్త ఐడీ రెండూ ఉన్న పట్టిక చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇస్తామని ముందే మాట్లాడుకోండి. అదొక్కటి ఉంటే తప్పుగా కలిసినవాటిని ఎప్పుడైనా విడదీయొచ్చు. నాకు రెండు నెలల నాటి ఎక్సెల్ కాపీ దొరికింది కాబట్టి, ఆర్డర్ నంబర్లు పట్టుకుని నాలుగు రాత్రులు విడదీశాను. ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లకు మాత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది.

నంద్యాల ఆయన ఇప్పటికీ ఆర్డర్ పెట్టగానే ఫోన్ చేసి, 'ఈసారి మా ఇంటికేనా?' అని అడుగుతాడు.