సముద్రం పక్కన కూడా గాలి చప్పుడు రాదన్న కాలర్ మైక్: నేను మునిగాను, మీరు మునగకండి

పేరు రాయను. చిన్న చానళ్లు నడిపేవాళ్లలో సగం మందికి మనిషెవరో ఈపాటికే అర్థమై ఉంటుంది. స్టేటస్‌లో పొద్దున లేస్తే మైకులు, లైట్లు పెట్టి అమ్ముతాడే, ఆయనే. ఆయన దగ్గర 'ప్రో కిట్' అని ఒక వైరు కాలర్ మైక్, రెండు స్పాంజి టోపీలు, ఒక క్లిప్పు కలిపి 1,850కి కొన్నాను. కొనేముందు ఫోన్ చేసి మరీ అడిగాను, బయట గాలిలో పనికొస్తుందా అని. "సముద్రం పక్కన నిలబడి మాట్లాడినా ఒక్క గాలి చప్పుడు రాదు బ్రదర్, డబల్ డెన్సిటీ ఫోమ్" అన్నాడు. తాను బీచ్‌లో నిలబడి మాట్లాడిన డెమో వీడియో కూడా పంపాడు. అందులో గొంతు గాజులా ఉంది. డబ్బులు వేసేశాను.

మైక్ వచ్చిన మూడో రోజు హంసలదీవి వెళ్లాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో బతికి బయటపడ్డ ఒక తాతగారితో మాట్లాడటానికి. ఆ రోజుకి ఆయనకి ఇరవై రెండేళ్లు. దివిసీమలో పుట్టినవాళ్లకి ఆ రాత్రి సంగతి చెప్పక్కర్లేదు. ఆయన మనవడిని రెండు నెలలు బతిమాలితే ఒప్పుకున్నారు. ఒడ్డున పడవ అంచు మీద కూర్చోబెట్టి, మైక్ చొక్కా మొదటి గుండీ దగ్గర పైకే పెట్టి, స్పాంజి తొడిగాను. సముద్రం వైపు చూస్తూ చెబితే బాగుంటుందని నేనే అలా కూర్చోబెట్టాను. అంటే గాలి సూటిగా గుండెల మీదికే. హెడ్‌ఫోన్స్ బ్యాగులోనే ఉన్నాయి, తీయలేదు. స్క్రీన్ మీద మీటరు మాటిమాటికీ ఎర్రగీత తాకుతుంటే, తాతగారి గొంతు ఎంత గట్టిదో అని మురిసిపోయాను కూడా. అది గొంతు కాదు, గాలి. అంత తెలివి నాది.

42 నిమిషాలు మాట్లాడారు. తువ్వాలుతో తాడిచెట్టుకి తనని తాను కట్టుకున్న సంగతి, ఇంకో చేత్తో చెల్లెల్ని పట్టుకున్న సంగతి. ఆ చెయ్యి ఎలా జారిందో చెప్పేటప్పుడు గొంతు బాగా తగ్గించారు. సరిగ్గా అక్కడే గాలి విసురుకొచ్చింది. ఇంటికొచ్చి వింటే ఆ చోట మాట లేదు. ఖాళీ డ్రమ్ము మీద ఎవరో గుద్దుతున్నట్టు గుబ్ గుబ్ గుబ్. మధ్యలో ఒక్క ముక్క "వేళ్లు" అని వినిపిస్తుంది, అంతే.

Audacity లో పెట్టి High-Pass Filter వేశాను, 100 Hz దగ్గర, Roll-off 24. గాలి గుబగుబ చాలావరకు గొంతు కంటే కింది స్వరంలో ఉంటుంది కాబట్టి, కింది భాగం కోసేస్తే మాట తేరుకుంటుంది. కొన్నిచోట్ల తేరుకుంది కూడా. కానీ గాలి విసురు బలంగా తగిలిన చోట తరంగాన్ని పెద్దది చేసి చూస్తే పైనా కిందా కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. అక్కడ గాలి ఒత్తిడికే మైక్ హద్దు దాటిపోయింది, దాని మీద మాట నమోదు కానే లేదు. నమోదు కానిదాన్ని ఏ ఫిల్టరూ తీసుకురాలేదు. మొత్తం మీద 11 నిమిషాలు వినదగ్గవి మిగిలాయి. చెల్లెలి సంగతి అందులో లేదు.

సరే, అసలు కథ ఇది. మైక్ అమ్మినాయనకి ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. ఆడియో ముక్క పంపితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సాయంత్రం ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, నలభై సెకన్లు. "స్పాంజి స్పాంజే కదా బ్రదర్, దుప్పటి కాదు. గాలిలో కూర్చోబెట్టి గాలి వచ్చిందంటే ఏం చేస్తాం. మైక్ పెట్టడం రాకపోతే ముందు నేర్చుకోవాలి." వెనకాల ఎవరో నవ్వుతున్నారు. ఆ నవ్వు వినిపించేలాగే పంపాడు. వాడి మైక్‌లో అది మాత్రం భలే స్పష్టంగా పడింది!

మరి డెమో వీడియో ఎలా వచ్చిందయ్యా అని అడిగాను. జవాబు, అక్షరం పొల్లు పోకుండా: "అందరూ రూములో డబ్బింగే చేస్తారు, అది కూడా తెలీదా."

అప్పుడు ఆ వీడియో మళ్లీ చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. వెనక కొబ్బరాకులు విరిగిపోతాయేమో అన్నట్టు ఊగుతున్నాయి, అలలు తెల్లగా విరుగుతున్నాయి, ఆయన జుట్టు ముఖం మీద పడుతోంది. చప్పుడు మాత్రం ఒక్కటీ లేదు. ఆకు గలగల లేదు, అల హోరు లేదు. మామూలు కాలర్ మైక్ అన్ని వైపుల నుంచీ వింటుంది. గాలిని ఎంత బాగా ఆపినా సముద్రం హోరు ఆగదు, ఎందుకంటే అది నిజమైన శబ్దం. గాలి గుబగుబ వేరే. అది ఎక్కడి నుంచో వచ్చిన చప్పుడు కాదు, సుడులు తిరిగే గాలి మైక్ లోపలి పొర మీద పడి కొట్టే దెబ్బ. స్పాంజి, బొచ్చు, గుడ్డ ఆపేది ఆ దెబ్బని మాత్రమే. కాబట్టి సముద్రం పక్కన తీసిన డెమోలో సముద్రం వినపడకపోతే అది అక్కడ రికార్డు చేసింది కాదు. ఇంత చిన్న సంగతి కొనేముందు తట్టలేదు నాకు. ఆరేళ్లుగా వీడియోలు తీస్తున్నానని చెప్పుకుంటాను మళ్లీ.

వాపసు అడిగితే ప్యాకింగ్ విప్పారు కాబట్టి కుదరదన్నాడు. విప్పకుండా మైక్ ఎలా పెట్టుకోవాలో ఆయనే చెప్పాలి.

ఆ 'డబల్ డెన్సిటీ' స్పాంజిని వెలుతురుకి ఎదురుగా పట్టి చూశాను. ఇడ్లీకి కూడా అంత పెద్ద రంధ్రాలు ఉండవు. పైగా మైక్ గుండు స్పాంజి కొసకి ఆనేదాకా దిగిపోతోంది, ముందువైపు రెండు మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేదు. స్పాంజి పని చేసేదే గాలి వేగం దాని లోపల తగ్గి, మైక్ చుట్టూ కాస్త కదలని గాలి మిగలడం వల్ల. గుండు కొసకి ఆనితే ఆ కాస్తా ఉండదు. కొంచెం వెనక్కి లాగి పెడితే తేడా కనిపించింది. అయినా ఒకటి చెప్పాలి, మంచి స్పాంజి అయినా పిల్లగాలి వరకే. నోటి నుంచి వచ్చే ఊపిరి దెబ్బకీ, ఫ్యాన్ గాలికీ సరిపోతుంది. ఒడ్డు గాలికి అది చాలదు. ఆయన మాటలో నిజం అదొక్కటే, అమ్మేముందు చెప్పి ఉంటే దండం పెట్టేవాణ్ని.

కోపం తగ్గక రెండు రాత్రులు మేడ మీద పెడస్టల్ ఫ్యాన్ పెట్టుకుని, రెండు మీటర్ల దూరంలో కూర్చుని, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెడుతూ రికార్డు చేశాను. పక్కింటావిడ ఏమనుకుందో దేవుడికే తెలియాలి. స్పాంజి ఒక్కటే పైన పెడితే ప్రతి నాలుగో అంకె మునిగిపోయింది. స్పాంజి మీద బొచ్చు కవర్ తొడిగితే గుబగుబ దాదాపు పోయింది, గొంతు ఒక పిసరు మొద్దుబారింది. బొచ్చు లేకుండా స్పాంజితోనే మైక్‌ని చొక్కా లోపలికి పంపితే గాలి ఇంకా తగ్గింది. అదృష్టం బాగుందనుకుంటుండగా కొత్త గొడవ మొదలైంది, గుడ్డ రాపిడి. ఊపిరి తీస్తే చాలు బరబరమంటుంది.

ఆ గొడవ చొక్కాని బట్టి మారింది. పాలిస్టర్ చొక్కా చిప్స్ ప్యాకెట్ నలిపినట్టు. గంజి పెట్టిన ఖాదీ ఇంకా ఘోరం. చాలాసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు చొక్కా అయితే దాదాపు నిశ్శబ్దం. గుడ్డ మైక్ మీద జరగకుండా ఉంటే రాపిడి ఉండదు, కిటుకంతా అదే. మందుల షాపులో దొరికే కాగితం టేపుని జిగురు బయటికి వచ్చేలా సమోసాలా మడిచి, రెండు తయారు చేసి, ఒకటి మైక్ వెనక ఒంటికి, ఒకటి ముందు చొక్కాకి అంటించాను. మైక్, గుడ్డ, ఒళ్లు మూడూ కలిసి కదులుతాయి, ఒకదాని మీద ఒకటి జారవు. చోటు గడ్డానికి జానెడు కింద, గుండెల మధ్య ఎముక మీద. గొంతుకి మరీ దగ్గరైతే తల తిప్పినప్పుడల్లా కాలరు తగులుతుంది, శబ్దం బుంగలో నుంచి వచ్చినట్టుంటుంది. మైక్ కింద వైరుని చిన్న చుట్ట చుట్టి దాన్నీ టేపుతో అంటించాలి, లేకపోతే వైరు లాగిన ప్రతిసారీ టప్ మంటుంది. మెడలో గొలుసో తులసిమాలో ఉంటే పక్కకి జరపమని అడగడానికి మొహమాటపడకండి.

గుడ్డ లోపల పెట్టినందుకు గొంతులో పదును తగ్గుతుంది. 'స', 'శ' మెత్తబడతాయి. ఎడిటింగ్‌లో 4,000 Hz చుట్టుపక్కల మూడు నాలుగు డెసిబెల్స్ పెంచితే చాలావరకు తిరిగొస్తుంది. గాలి దెబ్బకి చదునైపోయినది రాదు, మొద్దుబారినది వస్తుంది. ఈ ఒక్క తేడా ముందే తెలిసి ఉంటే తాతగారి నూలు చొక్కా లోపలే పెట్టి, పైన ఆయన కండువా కప్పి, వీపు సముద్రం వైపు తిప్పి కూర్చోబెట్టేవాణ్ని. ఒళ్లే సగం గాలికి అడ్డు. ఇదే 1,850 మైక్‌తో కూడా పని జరిగిపోయేదేమో, అదే ఇంకా మండుతోంది.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. గాలి రాదు అనే డెమో పంపితే వెనక చప్పుళ్లు వినండి, పెదాలు చూడండి. బొచ్చు కవర్ లేని కిట్‌ని 'అవుట్‌డోర్' అని అమ్మితే వదిలేయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు అసలు మాట మొదలుపెట్టండి. మూడు అయ్యాయా, సరే.

మళ్లీ ఒకసారి చెప్పమని అడుగుదామని మొన్న హంసలదీవి వెళ్లాను. తాతగారు టీ ఇప్పించారు. విషయం చెబితే కాసేపు నేల చూసి, "ఒకసారి చెప్పాను కదయ్యా" అన్నారు. మనవడు మాత్రం వీడియో ఎప్పుడు పెడతారని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇవాళ కూడా చేశాడు. ఎత్తలేదు.